రెండున్నర శాతం బిగువా, వదులా?

(ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు రెండు చేర్చాం.)

అందరికీ నమస్కారం. చివరి వరుసదాకా వినపడుతోందా? సరే.

ఒక రోజు దగ్గర మొదలుపెడతాను. 2022 జూలై 27. అమెరికా కేంద్ర బ్యాంకు, అంటే ఫెడరల్ రిజర్వ్, క్లుప్తంగా ఫెడ్, ఆ రోజు తన పాలసీ రేటును, అంటే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పుల వడ్డీని, ముప్పావు శాతం పెంచి 2.25, 2.50 శాతాల మధ్యకు తెచ్చింది. నాలుగున్నర నెలల కిందట, మార్చి మొదట్లో, అదే రేటు దాదాపు సున్నా. ఆ మధ్యాహ్నం విలేకరుల ముందు ఛైర్మన్ జెరోమ్ పావెల్ ఒక మాటన్నారు. తటస్థం అని మేం అంచనా వేసుకున్న స్థాయికి ఇప్పుడు వచ్చేశాం అని. పైకి చిన్నమాటే. కానీ దాని వెనక అర్థం పెద్దది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాం, ఇకమీదట వేసే ప్రతి అడుగూ బ్రేకే అని చెప్పినట్టు.

ఆ మాట మీద మాజీ ఆర్థిక మంత్రి లారీ సమ్మర్స్ మండిపడ్డారు. ధరలు ఈ వేగంతో పరిగెడుతుంటే రెండున్నర శాతం ఏ లెక్కన తటస్థమవుతుందని ఆయన నిలదీశారు. జూన్ నెలలో అక్కడి వినియోగదారుల ధరల సూచీ ఏడాది కిందటితో పోలిస్తే 9.1 శాతం పైన ఉంది మరి.

ఇద్దరి ముందూ ఉన్నవి ఒకే అంకెలు. ఒకరికి తటస్థంగా కనిపించింది ఇంకొకరికి మరీ వదులుగా కనిపించింది. ఇవాళ మనం చేయబోయేది ఈ తగాదా విప్పి చూడటమే. ఇది అర్థమైతే ఏ దేశంలో ఏ కేంద్ర బ్యాంకు రేటు విన్నా అది బిగువా వదులా అని ఎలా అడగాలో తెలుస్తుంది. సమాధానం దొరుకుతుందని మాత్రం హామీ ఇవ్వను.

ముందు తటస్థ రేటు అంటే ఏమిటో చూద్దాం. 1898లో స్వీడన్ ఆర్థికవేత్త క్నూట్ విక్సెల్ దీన్ని సహజ వడ్డీ రేటు అన్నాడు. బ్యాంకులు వసూలు చేసే వడ్డీ ఒకటి. పెట్టుబడి పెడితే నిజంగా వచ్చే రాబడిని బట్టి ఉండాల్సిన వడ్డీ మరొకటి. మొదటిది రెండోదానికంటే తక్కువుంటే అందరూ అప్పు చేసి కొనడానికి ఎగబడతారు, ధరలు పెరుగుతూ పోతాయి. ఎక్కువుంటే ధరలు పడిపోతాయి. రెండూ సమానమైన చోట ధరలు నిలకడగా ఉంటాయి. ఇప్పటి వాడుకలో చెప్పాలంటే, ఉత్పత్తి తన పూర్తి శక్తి మేరకు ఉండి, ద్రవ్యోల్బణం పెరగకుండా తరగకుండా ఉంచే వాస్తవ వడ్డీ రేటే తటస్థ రేటు. మోడల్ రాసుకునేవాళ్లు వడ్డీని సూచించే ఆర్ అక్షరం పక్కన దీనికి ఒక నక్షత్రం గుర్తు పెడతారు కాబట్టి ఆర్-స్టార్ అని ముద్దుపేరు.

ఇందులో మీరు పట్టుకోవాల్సిన మాట 'వాస్తవ'. వడ్డీలోంచి ద్రవ్యోల్బణాన్ని తీసేశాక మిగిలేది. నూరు అప్పిచ్చి ఏడాది తర్వాత నూట రెండున్నర తీసుకున్నాననుకోండి. ఈలోపు ఆ నూరుతో కొనగలిగిన సరుకు నూట ఆరు అయింది. వడ్డీ నాకు వచ్చినట్టు పాసుబుక్కులో ఉంది, కానీ నేను పోగొట్టుకున్నాను. అప్పు తీసుకున్నవాడు మూడున్నర మిగుల్చుకున్నాడు. ఇలాంటప్పుడు ఎవరైనా ఇంకో అప్పుకు సిద్ధంగానే ఉంటారు. కాబట్టి పాలసీ బిగువా వదులా తేల్చే లెక్క చాలా చిన్నది. పాలసీ రేటులోంచి ద్రవ్యోల్బణం తీసేయాలి, వచ్చినదాంట్లోంచి తటస్థ రేటు తీసేయాలి. మిగిలింది సున్నాకు పైనుంటే బిగువు, కిందుంటే వదులు.

రెండు తీసివేతలు, అంతే. మూడో తరగతి పిల్లలు చేస్తారు. చిక్కంతా ఏ అంకెలు పెట్టాలన్నదే.

జూలై 27 లెక్కే వేద్దాం. పాలసీ రేటు మధ్యబిందువు 2.375. ద్రవ్యోల్బణం కింద గడిచిన ఏడాదిది, ఆ 9.1, పెడితే వాస్తవ రేటు మైనస్ 6.7. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఆలోచించండి. ఇవాళ అప్పు చేసేవాడు తీర్చబోయేది వచ్చే ఏడాది డాలర్లతో. పోయిన ఏడాది ధరలెంత పెరిగాయన్నది అతనికి గతం. వాస్తవ రేటులో ఉండాల్సింది ముందు ముందు ధరలెంత పెరుగుతాయనుకుంటున్నారన్న అంచనా.

మరి ఎవరి అంచనా? ఫెడ్ ప్రాంతీయ బ్యాంకుల్లో ఒకటైన న్యూయార్క్ ఫెడ్ నెలనెలా కుటుంబాలను అడుగుతుంది. ఆ జూన్‌లో వాళ్లు చెప్పింది వచ్చే ఏడాదికి 6.8 శాతం. అది పెడితే వాస్తవ రేటు మైనస్ 4.4. ఫెడ్ విధాన కమిటీ జూన్‌లో తానే ప్రకటించిన అంచనా ఉంది. 2023లో ద్రవ్యోల్బణం 2.6 శాతానికి దిగుతుందని. అది పెడితే వాస్తవ రేటు మైనస్ 0.2, అంటే ఇంచుమించు సున్నా. ఒకే రోజు, ఒకే పాలసీ రేటు. వాస్తవ రేటు మాత్రం మైనస్ 6.7 నుంచి దాదాపు సున్నాదాకా ఎక్కడైనా ఉండొచ్చు!

ఇప్పుడు రెండో తీసివేత. అప్పుడు కమిటీ సభ్యుల దీర్ఘకాలిక తటస్థ రేటు అంచనాల మధ్యస్థం 2.5 శాతం. అందులో రెండు శాతం ద్రవ్యోల్బణ లక్ష్యం, మిగిలిన అర శాతం వాస్తవ తటస్థ రేటు. పావెల్ చూపించింది ఈ 2.5నే. రేటు 2.5, తటస్థం 2.5, సరిపోయింది అన్నట్టు.

పొరపాటు ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం. ఆ 2.5 ఏ లోకానికి సంబంధించింది? ద్రవ్యోల్బణం రెండు శాతానికి వచ్చేసి, ఒడిదుడుకులన్నీ సద్దుమణిగాక ఉండే లోకానికి. అందులో కలిపింది రెండు శాతం ద్రవ్యోల్బణమే. 2022 జూలైలో జనం ఊహిస్తున్నది రెండు కాదు. కాబట్టి గమ్యంలో ఉండే రేటును దారి మధ్యలో ఉన్న రేటుతో పోల్చినట్టయింది. సరైన పోలిక కావాలంటే వాస్తవ రేటును వాస్తవ తటస్థ రేటుతో, అంటే అర శాతంతో, పోల్చాలి. అలా పోలిస్తే అంతరం గడిచిన ఏడాది లెక్కన మైనస్ 7.2, కుటుంబాల అంచనాతో మైనస్ 4.9, ఫెడ్ సొంత అంచనాతో కూడా మైనస్ 0.7. ఎలా వేసినా వదులే. ఎంత వదులన్నదే తేడా. ఫెడ్ తన అంకెలతో తానే లెక్క వేసుకున్నా తటస్థానికి ఇంకా రాలేదు.

ఇంకో సంగతి. దీర్ఘకాలిక తటస్థ రేటు వేరు, ఈ పూటకు తటస్థమైన రేటు వేరు. కోవిడ్ కాలంలో ప్రభుత్వం పంచిన డబ్బు జనం ఖాతాల్లో ఇంకా మిగిలి ఉంది, ఖాళీ ఉద్యోగాలు కోటికి పైగా ఉన్నాయి, కొనేవాళ్లు ఎక్కువ, సరుకు తక్కువ. అలాంటి సమయంలో గిరాకీని అదుపులో పెట్టడానికి కావాల్సిన వడ్డీ మామూలు రోజులకంటే ఎక్కువే ఉంటుంది. సమ్మర్స్ మాటకు ఇది మరింత బలం.

అయితే పావెల్ వైపు చెప్పాల్సింది ఒకటుంది. ఇల్లు కొనేవాడు బ్యాంకుల్లా ఒక్క రాత్రికి అప్పు తీసుకోడు, ముప్పై ఏళ్లకు తీసుకుంటాడు. ఆ ముప్పై ఏళ్ల గృహరుణం వడ్డీ 2021 చివర మూడు శాతం పైన కాస్త ఉండేది. 2022 జూలైకి ఐదున్నర ప్రాంతానికి చేరింది. ద్రవ్యోల్బణానికి రక్షణ ఉన్న పదేళ్ల ప్రభుత్వ బాండ్ల రాబడి, అంటే మార్కెట్టే లెక్కగట్టి ఇచ్చే వాస్తవ వడ్డీ, ఆ ఏడాది మొదట్లో మైనస్ ఒకటి దగ్గర ఉండి జూలైకి సున్నా దాటింది. ఫెడ్ ఇంకా చేయని పెంపులను మార్కెట్ ముందే ధరలో కలిపేసుకుంది. అంటే పాలసీ రేటు ఒక్కదాన్నే చూస్తే ఆ రోజుల్లో బిగువు అసలుకంటే తక్కువగా కనబడేది. లెక్క సమ్మర్స్‌ది సరి, దిశ పావెల్‌ది సరి. నన్నడిగితే లెక్కకే మార్కులు ఎక్కువ వేస్తాను, ఎందుకంటే ఆ తర్వాత ఏడాదిలో ఫెడ్ ఇంకో మూడు శాతం పెంచాల్సి వచ్చింది.

అలా పెంచుకుంటూ 2023 జూలై నాటికి 5.25, 5.50 మధ్యకు తెచ్చి ఆపేశారు. అక్కణ్ణుంచి 2024 సెప్టెంబరుదాకా, దాదాపు పద్నాలుగు నెలలు, కదపలేదు. ఆ పద్నాలుగు నెలలూ పత్రికల్లో 'వడ్డీ రేట్లు యథాతథం' అన్న శీర్షికే. కానీ యథాతథంగా ఉన్నది బోర్డు మీది అంకె మాత్రమే. ఫెడ్ ఎక్కువగా చూసే ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం 2023 జూలైలో 3.3 శాతం, ఏడాది తిరిగేసరికి 2.5. ముందు చూపు కుదరకపోతే దీన్నే పెట్టి లెక్క వేద్దాం, తటస్థ రేటును కూడా అదే అర శాతం దగ్గర ఉంచుదాం. వాస్తవ రేటు 2.1 నుంచి 2.9కి పెరిగింది. తటస్థంతో అంతరం 1.6 నుంచి 2.4. ఒక్క సమావేశంలోనూ చెయ్యి ఎత్తకుండానే ముప్పావు శాతానికి పైగా బిగింపు జరిగిపోయింది. చేతిలో తాడు లాగకపోయినా తడిసి బిగుసుకున్నట్టు. రేటు తగ్గించడం మొదలుపెట్టినప్పుడు కొందరు 'ఇక వదులు చేస్తున్నారు' అన్నారు. నిజానికి అప్పుడు జరిగింది బిగువును కాస్త తగ్గించడమే, వదులు చేయడం కాదు. ఈ రెండింటికీ తేడా ఉంది.

సరే, అంత బిగువు ఉంటే ఆర్థిక వ్యవస్థ కుంగాలి కదా? ఇక్కడే కథ అడ్డం తిరిగింది. 2022 డిసెంబరులో ఫెడ్ కమిటీ మధ్యస్థ అంచనా ఏమిటంటే, 2023లో వృద్ధి అర శాతం, ఏడాది చివరికి నిరుద్యోగం 4.6 శాతం. జరిగిందేమిటి? వృద్ధి రెండున్నర శాతానికి తగ్గలేదు, నిరుద్యోగం నాలుగు శాతం లోపే ఉంది. నేనూ ఆ ఏడాది మాంద్యం ఖాయమని ఇలాంటి సభలోనే చెప్పి వెళ్లినవాణ్ణే. (నవ్వులు) అప్పటి వీడియో తీసేయమని ఇప్పటికీ అడుగుతుంటాను.

ఎందుకు తప్పింది అన్నదానికి రెండు జవాబులున్నాయి. ఒకటి, తటస్థ రేటు మనం అనుకున్న అర శాతం కాదు, ఇంకా పైనుంది. కాబట్టి బిగువు అనుకున్నది అంత బిగువు కాదు. రెండు, బిగువు నిజమే, కానీ అది జనాన్ని చేరడం ఆలస్యమైంది. అమెరికాలో ఇళ్ల అప్పులు ఎక్కువగా ముప్పై ఏళ్ల స్థిర వడ్డీవి. మూడు శాతానికి తీసుకున్నవాళ్లకు ఫెడ్ ఎంత పెంచినా నెలసరి వాయిదా పైసా మారదు. అదే వడ్డీ మారుతూ ఉండే అప్పులున్న దేశమైతే రెండు మూడు నెలల్లోనే జేబుకు తగిలేది.

ఈ రెంటిలో ఏది అని తేల్చుకోవడం ఎలా? వడ్డీ ముందుగా తగిలే రంగాలను చూడాలి. తటస్థ రేటే పెరిగి ఉంటే ఆ రంగాలూ హుషారుగానే ఉండాలి. 2023లో పాత ఇళ్ల అమ్మకాలు దాదాపు 41 లక్షలు, 1995 తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు. బిగువు కరిచిందన్నమాట. కానీ తొందరపడకండి. అమ్మకాలు పడిపోయింది కొనేవాళ్లు లేకే కాదు, మూడు శాతం అప్పు వదులుకుని ఏడు శాతం అప్పులోకి వెళ్లడం ఇష్టంలేక అమ్మేవాళ్లు కూడా కదల్లేదు. అందుకే ఇళ్ల ధరలు కూలలేదు. ఒకే సాక్షి రెండు పక్షాలకూ సాక్ష్యం చెప్పినట్టుంది. ఉద్యోగాల వైపు చూస్తే బిగువు నెమ్మదిగా, వరుసగా కనిపించింది. ఖాళీ ఉద్యోగాలు 2022 మార్చిలో కోటీ ఇరవై లక్షలు, 2024 మధ్యకు ఎనభై లక్షల ప్రాంతం. నిరుద్యోగం 2023 ఏప్రిల్‌లో 3.4 ఉన్నది 2024 జూలైకి 4.3గా ప్రకటించారు. కాబట్టి బిగువు ఉందనే నేను నమ్ముతాను, అంతరం 2.4 అన్నంత ఉందని మాత్రం నమ్మను.

మోడళ్లు ఏం చెబుతాయని అడుగుతారు. అన్నిటికంటే పేరున్నది ఆర్థికవేత్తలు థామస్ లౌబాక్, జాన్ విలియమ్స్ 2003లో ప్రచురించినది. అది పనిచేసే తీరు మాటల్లో చెబుతాను. నిన్నటి వడ్డీని బట్టి ఇవాళ ఉత్పత్తి ఎంతుండాలో మోడల్ ఊహిస్తుంది. అసలు ఉత్పత్తి అంతకంటే ఎక్కువొస్తే, వడ్డీ మనం అనుకున్నంత బిగువు కాదేమో అని తటస్థ రేటును కొంచెం పైకి జరుపుతుంది. తక్కువొస్తే కిందికి. ఇందులో ఇరకాటం మీకు కనిపించే ఉంటుంది. తటస్థ రేటు తెలిస్తే పాలసీ ఫలితం అర్థమవుతుందనుకున్నాం. మోడల్ మాత్రం ఫలితాన్ని చూసే తటస్థ రేటు చెబుతోంది. లెక్క తేలనిదంతా పోసే డబ్బా అది. కోవిడ్‌లో దుకాణాలు మూయించడం వల్ల ఉత్పత్తి పడిపోయినప్పుడు ఈ మోడల్ ఎంత గందరగోళపడిందంటే, 2020 నవంబరులో న్యూయార్క్ ఫెడ్ దాని అంచనాలు ప్రచురించడమే ఆపేసి, సవరణలు చేసుకుని 2023 మేలో మళ్లీ మొదలుపెట్టింది. ఆ అంచనాల చుట్టూ ఉండే అనిశ్చితి అటూ ఇటూ ఒక శాతానికి పైనే. మన మొత్తం తగాదా ఒకటి రెండు శాతాల గురించి అని గుర్తుంచుకోండి.

2023 ఆగస్టులో, కేంద్ర బ్యాంకుల పెద్దలు ఏటా కలిసే జాక్సన్ హోల్ సభలో, పావెల్ తన తీరుమీద తానే జోకు వేసుకున్నట్టు, మబ్బు పట్టిన ఆకాశం కింద నక్షత్రాలను చూసి ఓడ నడుపుతున్నాం అన్నారు. ఆర్-స్టార్ మీద శ్లేష. ఏడాది ముందు 'వచ్చేశాం' అన్న మనిషే.

ఇక ప్రశ్నలు అడగండి.

సభికుడు: సార్, ఇంత గొడవ ఎందుకు? వడ్డీ తక్కువుంటే వదులు, ఎక్కువుంటే బిగువు అనుకుంటే సామాన్యంగా సరిపోదా?

సరిపోదండి. రెండు కొసలు చూపిస్తాను. 1932 రెండో సగంలో న్యూయార్క్ ఫెడ్ తన దగ్గర అప్పు తీసుకునే బ్యాంకులకు వేసిన వడ్డీ రెండున్నర శాతం. అంకె అదే, మన 2022 జూలైదే! కానీ ఆ ఏడాది ధరలు పది శాతం దాకా పడిపోయాయి. రెండున్నరలోంచి మైనస్ పది తీసేస్తే వాస్తవ రేటు పన్నెండు దాటింది. మహామాంద్యం మధ్యలో అది ఉరితాడు. అటువైపు 1974 జూలై చూడండి. ఫెడ్ పాలసీ రేటు పదమూడు శాతానికి దగ్గర, వింటేనే గుండె గుభేలుమంటుంది. ద్రవ్యోల్బణం పదకొండున్నర. వాస్తవ రేటు ఒకటిన్నర కూడా లేదు. తక్కువ వడ్డీ చాలాసార్లు అంతకుముందు పాలసీ మరీ బిగువుగా ఉందనడానికే గుర్తు అని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ జపాన్ విషయంలో వాదించింది ఇందుకే.

సభికురాలు: మీరు లెక్కంతా తటస్థ రేటు అర శాతం అని వేశారు. అదే మారితే పాత తీర్పులన్నీ మారిపోతాయా?

మారిపోతాయమ్మా. 2012 జనవరిలో ఫెడ్ మొదటిసారి ఈ అంచనాలు ప్రకటించినప్పుడు దీర్ఘకాలిక రేటు మధ్యస్థం 4.25 శాతం. ద్రవ్యోల్బణ లక్ష్యం తీసేస్తే వాస్తవ తటస్థ రేటు రెండుంబావు. అప్పట్లో పాలసీ రేటు దాదాపు సున్నా, ద్రవ్యోల్బణం రెండు అనుకుంటే వాస్తవ రేటు మైనస్ రెండు ప్రాంతం. అంతరం నాలుగు శాతం పైనే వదులు. ఇంత వదులు చేసినా ఎందుకు కోలుకోవడం లేదని అందరూ తల పట్టుకున్నారు. 2019కల్లా ఆ మధ్యస్థం 2.5కి దిగింది, అంటే వాస్తవ తటస్థ రేటు అర శాతం. అది ముందునుంచే అంతే అనుకుని 2012 లెక్క మళ్లీ వేస్తే వదులు రెండున్నరే. నాలుగనుకున్న మందు మోతాదు రెండున్నరేనన్నమాట.

ఇది పాత సంగతి అనుకోకండి. 2024 డిసెంబరు సమావేశం చూడండి. రేటును పావు శాతం తగ్గించి 4.25, 4.50 మధ్యకు తెచ్చారు. 2025కి వాళ్ల మధ్యస్థ ద్రవ్యోల్బణ అంచనా 2.5. వాస్తవ రేటు సుమారు 1.9. తటస్థ రేటు అంచనా మాత్రం అందరిదీ ఒకటి కాదు, ఆ సమావేశంలో సభ్యులు దీర్ఘకాలిక రేటుకు రాసిన అంకెలు 2.4 నుంచి 3.9 దాకా ఉన్నాయి. రెండు తీసేసి చూస్తే, 2.4 రాసిన వ్యక్తికి పాలసీ ఇంకా ఒకటిన్నర శాతం బిగువుగా ఉంది. 3.9 రాసిన వ్యక్తికి తటస్థం అప్పటికే వచ్చేసింది, ఇంక తగ్గిస్తే వదులే. ఎవరు ఏది రాశారో ఫెడ్ చెప్పదు. ఆ రోజు తగ్గింపుకు వ్యతిరేకంగా పడ్డ ఒకే ఒక్క ఓటు క్లీవ్‌లాండ్ ఫెడ్ అధ్యక్షురాలు బెత్ హమాక్‌ది. పాలసీ తటస్థానికి ఎంతో దూరంలో లేదన్నది ఆవిడ చెప్పిన కారణాల్లో ఒకటి.